అరవై ఏడా, డెబ్బై ఎనిమిదా?

కర్నూలులో మా వెనక వీధి నుంచి పదో తరగతి అమ్మాయి ఒకతె సాయంత్రాలు లెక్కలు చెప్పించుకోవడానికి నా దగ్గరికి వస్తుంది. స్కూల్లో ఏడో టెస్టు మార్కులు చెప్పిన రోజు వాళ్లమ్మ కూడా వెంట వచ్చింది. మనిషి మంచి హుషారుగా ఉంది. "పోయినసారి యాభై ఆరు సార్, ఈసారి అరవై ఏడు. పదకొండు పెరిగినాయి. ఈ లెక్కన వచ్చే టెస్టుకు డెబ్బై ఎనిమిది వస్తాయి గదా?" అని అడిగింది. వాళ్ల టార్గెట్ 75. పదో టెస్టు ప్రీ-ఫైనల్. అప్పటికి 75 దాటాలని ఇంట్లో గోడమీద రాసి పెట్టుకున్నారు.

పాత మార్కులను చుక్కలుగా పెట్టి, వాటి మీదుగా గీత గీసి తర్వాతి మార్కును అంచనా వేయడం నేనూ చేస్తాను. ఆమె చేసింది కూడా గీత గీయడమే. కాకపోతే రెండే చుక్కల మీదుగా గీసింది. ఆ రెండింటిలో ఒకటి బాగా కింద పడిన టెస్టు, ఇంకొకటి బాగా పైకి లేచిన టెస్టు. అలాంటి రెండు చుక్కలను కలిపితే గీత నిచ్చెనలా నిలబడుతుంది. మిగతా ఐదు టెస్టులు ఏం చెబుతున్నాయో దానికి పట్టదు.

ఏడు మార్కులు ఇవి, అన్నీ వందకే: 48, 55, 51, 60, 62, 56, 67. గ్రాఫ్ షీట్ మీద అడ్డంగా టెస్టు నంబరు, నిలువుగా మార్కులు వేసి ఏడు చుక్కలు పెట్టాం. కుట్టుమిషను దారం ఒక మూర తీసుకుని చుక్కల మధ్యగా లాగి పట్టుకోమన్నాను. తల్లి పట్టుకుంటే ఒక వాలు, కూతురు పట్టుకుంటే ఇంకో వాలు. ఎవరి దారం సరైనది? కంటికి నచ్చిందని కాకుండా లెక్కతో తేల్చాలి.

ఒక్కో చుక్క నుంచి దారం దాకా నిలువుగా ఎంత దూరం ఉందో చూస్తాం. అడ్డంగా కాదు, ఏటవాలుగా కాదు. మనం అంచనా వేసేది మార్కు, తప్పు జరిగేదీ మార్కులోనే కాబట్టి నిలువుగానే కొలవాలి. ఆ దూరాలను ఒక్కొక్కటిగా వర్గం చేసి, అన్నీ కూడి, ఆ మొత్తం ఏ దారానికి అతి తక్కువ వస్తుందో దాన్ని ఎంచుకుంటాం. వర్గం చేస్తే రెండు మార్కుల తప్పు నాలుగుగా, ఆరు మార్కుల తప్పు ముప్పై ఆరుగా లెక్కకొస్తుంది. అంటే ఏ ఒక్క చుక్కకూ మరీ దూరం పోకుండా గీత సర్దుకుంటుంది. దీన్నే కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన లెజాండ్ర్ 1805లో తోకచుక్కల కక్ష్యల గురించి రాస్తూ దీన్ని అచ్చు వేయించాడు. ఆకాశంలో చూసిన కొలతలు ఒకదానికొకటి సరిపోకపోతే వాటన్నిటికీ కలిపి ఒక దారి కనిపెట్టడం ఆయన అవసరం. మా అవసరమూ దాదాపు అదే.

చేత్తో చేయడం కష్టమేమీ కాదు. టెస్టు నంబర్ల సగటు 4. మార్కుల సగటు 57. మంచి గీత ఎప్పుడూ ఈ సగటు చుక్క మీదుగానే పోతుంది. అందుకే షీట్ మీద 4, 57 దగ్గర ఒక గుండుసూది గుచ్చి దారాన్ని దానికి ముడి వేశాను. ఇక తేల్చాల్సింది వాలు ఒక్కటే. సగటు నుంచి టెస్టు నంబర్ల దూరాలు −3 నుంచి 3 వరకు. మార్కుల దూరాలు −9, −2, −6, 3, 5, −1, 10. జతజతగా గుణిస్తే 27, 4, 6, 0, 5, −2, 30. మొత్తం 70. టెస్టు దూరాల వర్గాల మొత్తం 28. డెబ్బైని ఇరవై ఎనిమిదితో భాగిస్తే 2.5. అంటే ఈ అమ్మాయి టెస్టుకు సగటున రెండున్నర మార్కులు పెరుగుతోంది. పదకొండు కాదు. ఎనిమిదో టెస్టు సగటు నుంచి నాలుగు మెట్లు ముందుంది కాబట్టి 57కు 10 కలిపితే 67.

ఫోనులో షీట్ తెరిచి రెండో వరస నుంచి A కాలమ్‌లో టెస్టు నంబర్లు, B కాలమ్‌లో మార్కులు వేసుకుంటే ఇదే జవాబు వస్తుంది:

```
=SLOPE(B2:B8,A2:A8)
=FORECAST.LINEAR(8,B2:B8,A2:A8)
=STEYX(B2:B8,A2:A8)
```

మొదటిది 2.5 చూపిస్తుంది, రెండోది 67. మూడోదాని సంగతి తర్వాత చెబుతాను. ఇందులో మార్కుల కాలమ్ ముందు రావాలి, టెస్టు నంబర్లు తర్వాత. తారుమారైతే రెండో ఫార్ములా ఎర్రర్ ఇవ్వదు, దర్జాగా మైనస్ 9.4 అని చూపిస్తుంది. మైనస్ మార్కు కాబట్టి ఇక్కడ తప్పు తెలిసిపోయింది. ఇంకో తప్పు ఇంత తేలిగ్గా దొరకదు. జ్వరమొచ్చి టెస్టు రాయకపోతే కొందరు ఆ గడిలో సున్నా వేస్తారు. గడిని ఖాళీగా వదిలితే ఫార్ములా ఆ టెస్టును పక్కన పెడుతుంది, సున్నా వేస్తే నిజంగా సున్నా వచ్చిందనుకుంటుంది. ఈ అమ్మాయి ఏడో టెస్టు దగ్గర 67కు బదులు సున్నా వేసి చూశాను. ఎనిమిదో టెస్టు అంచనా 29కి పడిపోయింది. బాగా చదువుతున్న పిల్ల ఫెయిల్ అయ్యేలా ఉందని ఆ షీట్ చెబుతుంది, చూసినవాళ్లు నమ్ముతారు కూడా.

ఇప్పుడు 67 అన్న అంకెను ఎంతవరకు నమ్మాలి? తల్లిదండ్రులకు చెప్పేటప్పుడు నేను ఎక్కువ సేపు ఆగేది ఇక్కడే. గీత మీద మార్కులు, అసలు మార్కులు పక్కపక్కన పెట్టి చూశాం. తేడాలు −1.5, 3, −3.5, 3, 2.5, −6, 2.5. అంటే గీత ఉన్నా చుక్కలు దానికి అటూ ఇటూ ఊగుతూనే ఉన్నాయి. ఆ ఊగుడు సుమారు 4 మార్కులని STEYX చెబుతుంది. కానీ తర్వాతి టెస్టుకు ప్లస్ ఆర్ మైనస్ 4 అనుకుంటే పొరపాటు. గీతే ఏడు చుక్కల నుంచి పుట్టింది కాబట్టి దాని ఎత్తు మీదా, వాలు మీదా కూడా అనుమానం ఉంటుంది. చుక్కలు ఆగిపోయిన చోటు దాటి బయటికి చూసేకొద్దీ ఆ అనుమానం పెరుగుతుంది. అన్నీ కలిపి లెక్క కడితే, ఇరవైలో పంతొమ్మిది సార్లు నిలిచే హద్దులు 67కు ఇరువైపులా దాదాపు 14 మార్కులు. కింద 53, పైన 81.

ఆమె అడిగిన 78 ఆ హద్దుల్లోనే ఉంది. రాదని ఎవరూ చెప్పలేరు. వస్తుందని చెప్పడానికి మాత్రం ఈ ఏడు టెస్టుల్లో ఆధారం లేదు.

టార్గెట్ సంగతి చూద్దాం. ఇదే గీతను పదో టెస్టు దాకా లాగితే 72. టార్గెట్‌కు మూడు మార్కులు తక్కువ. మరి టెస్టుకు ఎన్ని పెరగాలి? ఇక్కడ చాలామంది చివరి మార్కు నుంచి మొదలుపెడతారు. 67 నుంచి 75కు ఎనిమిది మార్కులు, మూడు టెస్టులు, టెస్టుకు 2.7 చాలు, ఇప్పటికే 2.5 పెరుగుతోంది కదా అని తృప్తి పడతారు. కానీ ఆ 67లో రెండున్నర మార్కులు ఆ రోజు కలిసొచ్చినవి. ఏడో టెస్టు దగ్గర గీత ఉన్నది 64.5 మీద. అక్కడి నుంచి 75కు పదిన్నర మార్కులు, అంటే టెస్టుకు 3.5. ఇప్పుడున్న వేగం కన్నా ఒక మార్కు ఎక్కువ. ఆ అమ్మాయికి చెప్పాల్సిన అంకె ఇదీ. గీతను ఇంకా ముందుకు లాగడానికి లేదు. ఇరవై రెండో టెస్టుకు అది వందకు 102 ఇస్తుంది. మార్కులు పెరిగేకొద్దీ మిగిలినవి కష్టమైన ప్రశ్నలే కాబట్టి అసలు మార్కులు అంతకు చాలా ముందే వంగిపోతాయి. మూడు టెస్టుల దూరానికి సరళరేఖ సరిపోతుంది, ఏడాదికి సరిపోదు.

ఆరో టెస్టులో ఆ −6 ఏమిటో నాకు అంతుపట్టలేదు. "ఆరోది త్రికోణమితి సార్, అందరికీ తక్కువే వచ్చినాయి" అంది ఆ అమ్మాయి. అందరికీ అంటే ఎంత అని అడిగి, మరుసటి రోజు ఏడు టెస్టులకూ క్లాసు సగటు రాసుకుని రమ్మన్నాను. 49, 58, 51, 57, 60, 51, 61 అని తెచ్చింది. ఆమె మార్కుల్లోంచి క్లాసు సగటు తీసేస్తే −1, −3, 0, 3, 2, 5, 6.

మనం కింద పడిందనుకున్న ఆరో టెస్టులో ఆమె క్లాసు కన్నా ఐదు మార్కులు పైన ఉంది. అప్పటిదాకా రాసిన వాటిలో అదే ఆమెకు మంచి టెస్టు. ఊగుడులో పెద్ద భాగం పిల్లది కాదు, ప్రశ్నపత్రాలది. ఒకసారి సులువుగా ఇచ్చారు, ఒకసారి కష్టంగా ఇచ్చారు. ఈ తేడాలకు గీత గీస్తే ఊగుడు 4 నుంచి 1.3కు దిగింది. వాలు 1.4, ఎనిమిదో టెస్టుకు అంచనా సగటు కన్నా సుమారు 7 పైన. అందరూ ఒకే పేపరు రాసి, క్లాసులో పిల్లలు మారకుండా ఉంటేనే ఈ పోలిక నిలుస్తుంది. పైగా 75 అన్న టార్గెట్ క్లాసుతో సంబంధం లేనిది, దానికి మొదటి గీతే కావాలి. అందుకే రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకున్నాం.

ఎనిమిదో టెస్టులో 63 వచ్చాయి. వాళ్లమ్మ గేటు దగ్గరే నిలబడి, "నాలుగు పడిపోయినాయి గదా సార్" అంది, గొంతులో టెన్షన్ తెలుస్తోంది. నేను నోరు తెరిచేలోపే కూతురు, "క్లాసు సగటు యాభై ఐదు మా, నేను ఎనిమిది పైనున్నా" అని నోటుబుక్కు తెరిచి చూపించింది. గీత 7 అంది, వచ్చింది 8. మొదటి షీట్లో మాత్రం వాలు 2.5 నుంచి 2.2కు తగ్గింది. పదో టెస్టు అంచనా 72 నుంచి 70కి దిగింది. ఆ అమ్మాయి దాన్ని కూడా అదే పేజీలో కింద రాసుకుని, పోయిన 37 మార్కులు ఏ ప్రశ్నల్లో పోయాయో చూద్దామని ఆన్సర్ షీటు నా ముందు పెట్టింది.