150 మిల్లీగ్రాముల మాత్రలో రెండు ఫ్లోరిన్లు

నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు వానలు పట్టుకున్నాయంటే మెడికల్ షాపుల్లో ఫంగస్ మందుల అమ్మకం పెరుగుతుంది. ఒంటిమీద బట్ట ఆరదు, కాలివేళ్ల సందులు పాసిపోతాయి, నడుం దగ్గర ఎర్రటి అంచుతో గుండ్రటి తామర మచ్చలు లేస్తాయి. అప్పుడు చీటీ మీద తరచుగా కనిపించే పేర్లలో ఫ్లుకోనజోల్ 150 ఒకటి. తామరకైతే వారానికి ఒక మాత్ర చొప్పున కొన్ని వారాలు వాడమంటారు. ఆడవాళ్లకు వచ్చే కాండిడా ఇన్ఫెక్షన్‌కైతే చాలాసార్లు ఒకే ఒక్క మాత్ర. జ్వరం మాత్ర రోజుకు మూడుసార్లు వేసుకుంటాం కదా, దీనికి వారానికి ఒకటి ఎలా సరిపోతుంది? జవాబు ఆ అణువు కట్టుబడిలోనే ఉంది.

ఫ్లుకోనజోల్ ఫార్ములా C13H12F2N6O. నడిమధ్య ఒక కార్బన్ ఉంటుంది, దానికి నాలుగు చేతులు. ఒక చేతికి హైడ్రాక్సిల్ సమూహం, అంటే OH. మరో చేతికి రెండు ఫ్లోరిన్లు తగిలించిన బెంజీన్ వలయం. మిగిలిన రెండు చేతులకూ ఒకేలాంటి ట్రయజోల్ వలయాలు, మధ్యలో ఒక్కో CH2 కొక్కెంతో. ట్రయజోల్ అంటే ఐదు మూలల వలయం, అందులో మూడు నైట్రోజన్లు ఉంటాయి. అణువులో ఉన్నవి ఈ మూడు రకాల ముక్కలే. నీళ్లలో కరగడం, ఫంగస్‌ను పట్టుకోవడం, లివర్ నుంచి తప్పించుకోవడం అనే మూడు పనులనూ ఇవే పంచుకుంటాయి. ఒక్కో ముక్కకు ఒక్కో పని ఇచ్చి కూర్చోబెట్టలేదు. ప్రతి ముక్కా రెండు మూడు పనుల్లో వేలు పెడుతుంది. మందు తయారీలో ఉన్న కష్టమంతా ఇక్కడే వస్తుంది, ఎందుకంటే ఒకచోట బాగుచేస్తే ఇంకోచోట చెడుతుంది.

ఇంగ్లండ్‌లోని శాండ్‌విచ్‌లో ఫైజర్ కంపెనీ రసాయన శాస్త్రవేత్తలు, కెన్ రిచర్డ్‌సన్ నాయకత్వంలో, ఈ పని మొదలుపెట్టేనాటికి ఫంగస్ మందులు లేకపోలేదు. వాటిలో కీటోకొనజోల్ నోటితో వేసుకునే మందుగా పేరు తెచ్చుకుంటోంది. దాని లోపాలు మాత్రం చిన్నవి కావు. కీటోకొనజోల్ పెద్ద అణువు, నూనెను ఇష్టపడే అణువు. దీన్ని కొలవడానికి ఒక లెక్క ఉంది. నీళ్లూ, ఆక్టనాల్ అనే నూనెలాంటి ద్రవమూ ఒకే సీసాలో పోసి మందు కలిపి కుదిపితే, నూనె వైపు ఎంత పోయింది, నీటి వైపు ఎంత మిగిలింది అని చూస్తారు. ఆ నిష్పత్తి లాగరిథమ్‌ను లాగ్ పి అంటారు. కీటోకొనజోల్ లాగ్ పి దాదాపు 4.3. అంటే నీటిలో ఒక పాలు ఉంటే నూనెలో ఇరవై వేల పాళ్లు ఉంటుందన్నమాట. ఫ్లుకోనజోల్‌ది దాదాపు 0.5, అంటే ఒకటికి మూడు పాళ్లు.

ఆ ఒక్క తేడా వల్ల ఏమేం మారతాయో చూడండి. కీటోకొనజోల్ మామూలు నీళ్లలో దాదాపు కరగదు, కరగాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి. గ్యాస్ మాత్ర వేసుకున్నవాడికి అది సరిగా ఒంటబట్టదు. రక్తంలోకి చేరినా 99 శాతం ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది. ఫంగస్ దాకా పోగలిగేది అతుక్కోని ఆ మిగిలిన కాస్తే. పైగా నూనెను ఇష్టపడే అణువులంటే లివర్ ఎంజైములకు మహా ప్రీతి, వాటిని పట్టుకుని ఆక్సిజన్ అంటించి ముక్కలు చేస్తాయి. ఫ్లుకోనజోల్ అయితే ఖాళీ కడుపైనా, అన్నం తిన్నా, ఆమ్లం ఉన్నా లేకపోయినా 90 శాతానికి పైగా ఒంటికి పడుతుంది. ప్రోటీన్లకు అతుక్కునేది 11, 12 శాతమే. సెలైన్‌లో కలిపి రక్తనాళంలోకి ఎక్కించే సీసాలూ వస్తాయి, మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున. నీళ్లలో కరగని మందును అలా ఎక్కించలేం.

మొదటి పెద్ద మార్పు వలయంలో జరిగింది. పాత మందుల్లో ఇమిడజోల్ వలయం ఉండేది. ఫంగస్‌లో ఎర్గోస్టెరాల్ తయారుచేసే ఎంజైము ఒకటుంది, పేరు లానోస్టెరాల్ డీమిథైలేజ్. మన కణాల పైపొరకు కొలెస్టరాల్ ఎలాగో ఫంగస్ పొరకు ఎర్గోస్టెరాల్ అలాగ. ఆ ఎంజైము నడుమ హీమ్ అనే నిర్మాణంలో ఇనుప పరమాణువు ఉంటుంది, ఆక్సిజన్ వచ్చి కూర్చుని పని చేయాల్సిన చోటు అదే. మందులోని వలయపు నైట్రోజన్ తన జంట ఎలక్ట్రాన్లతో ఆ ఇనుమును పట్టేసుకుంటుంది. తాళం రంధ్రంలో పుల్ల విరిగినట్టు, ఇక తాళంచెవి దూరదు.

ఇమిడజోల్ ఈ పట్టులో గట్టిదే. అయితే హీమ్ ఇనుము ఉన్న ఎంజైములు మన లివర్‌లో, హార్మోన్లు తయారయ్యే గ్రంథుల్లో కూడా ఉన్నాయి. కీటోకొనజోల్ ఎక్కువ మోతాదులో వాడిన మగవాళ్లకు టెస్టోస్టెరాన్ తగ్గి రొమ్ములు పెరగడం అందుకే కనిపించింది. వలయంలో ఒక CH తీసి నైట్రోజన్ పెడితే ఇమిడజోల్ ట్రయజోల్ అవుతుంది. కొత్తగా వచ్చిన ఆ నైట్రోజన్ ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కుంటుంది. అందువల్ల వలయం క్షారగుణం పడిపోతుంది, మన ఎంజైములను పట్టుకునే దూకుడు తగ్గుతుంది, లివర్ దాన్ని ఆక్సీకరణం చేయడమూ కష్టమవుతుంది. గాజుపళ్లెంలో పరీక్షిస్తే ట్రయజోల్ మందు బలహీనంగానే కనిపించింది. ఫంగస్ సోకిన ఎలుకలకు ఇస్తే మాత్రం అదే బాగా పనిచేసింది, ఎందుకంటే ఒంట్లో చెడిపోకుండా నిలబడింది. పళ్లెంలో వచ్చిన అంకె ఒక్కటే చూసుకుని ఉంటే ఆ దారి అక్కడే మూసుకుపోయేది.

తర్వాత ఆ రెండో ట్రయజోల్. నీళ్లలో కరిగించే బరువు చాలావరకు దానిదే. రెండు చేతులకూ ఒకే ముక్క పెట్టడంలో ఇంకో లాభం కూడా కలిసొచ్చింది. నడిమి కార్బన్‌కు నాలుగు చేతులూ వేరువేరుగా ఉంటే అణువుకు అద్దంలో బొమ్మలాంటి జంట పుడుతుంది, రెంటినీ విడదీయడం ఫ్యాక్టరీలో పెద్ద ఖర్చు. ఇక్కడ ఆ బెడద లేదు. నడుమ ఉన్న OH కూడా ఆలోచించి పెట్టిన చోటే. మామూలు ఆల్కహాల్ అయితే లివర్ దాన్ని కీటోన్‌గానో ఆమ్లంగానో మార్చేస్తుంది. అలా మార్చాలంటే OH ఉన్న కార్బన్ మీద ఒక హైడ్రోజన్ ఉండాలి. ఈ కార్బన్ మీద హైడ్రోజనే లేదు.

ఇలా కట్టిన తొలి అణువులో బెంజీన్ వలయానికి రెండు క్లోరిన్లు ఉండేవి. ఫంగస్ మీద భేషుగ్గా పనిచేసింది. కానీ ఎలుకలకూ కుక్కలకూ లివర్ దెబ్బతింది, గర్భంతో ఉన్న ఎలుకల పిల్లలకు అవకరాలు వచ్చాయి. అప్పుడు క్లోరిన్లు తీసి ఫ్లోరిన్లు పెట్టారు. ఒక్కో క్లోరిన్ స్థానంలో ఫ్లోరిన్ వస్తే లాగ్ పి దాదాపు 0.6 తగ్గుతుంది. రెండు మారిస్తే నూనె మీద ఇష్టం పదిరెట్లకు పైగా తగ్గినట్టు. ఫ్లోరిన్ పరిమాణంలో హైడ్రోజన్ కంటే కాస్తే పెద్దది కాబట్టి ఎంజైము గుంటలో ఇమిడిపోతుంది. బెంజీన్ వలయం కొసన లివర్ సాధారణంగా OH అంటించే చోట ఫ్లోరిన్ కూర్చుంటే ఆ దారీ మూసుకుంటుంది. గర్భం విషయంలో భయం పూర్తిగా పోలేదని కూడా చెప్పాలి. మొదటి నెలల్లో రోజుకు 400 మిల్లీగ్రాములు, అంతకు పైన ఎక్కువకాలం వాడిన తల్లుల పిల్లల్లో అవకరాలు నమోదయ్యాయి.

ఇన్ని దారులు మూసేశాక లివర్‌కు చేయడానికి ఏమీ మిగలదు. వేసుకున్న మందులో 80 శాతం చెక్కుచెదరకుండా మూత్రంలో పోతుంది, మార్పు చెంది పోయేది 11 శాతమే. రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 30 గంటలు పడుతుంది. ఆదివారం 150 మిల్లీగ్రాములు వేసుకుంటే, వచ్చే ఆదివారానికి 168 గంటలు, అంటే అయిదున్నర సార్లకు పైగా సగమవుతుంది. లెక్క కడితే ఇంకా 3 మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది. చర్మం పైపొరలో ఇంకా ఎక్కువకాలం ఉంటుంది, అందుకే వారానికి ఒకటి అనే పద్ధతి నడిచింది.

ఈ పాఠం చెబుతున్నప్పుడు కనిగిరి వైపు నుంచి వచ్చిన అమ్మాయి ఒకసారి అడిగింది: "సార్, మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ తాగితేనే గారపళ్లు వస్తున్నాయి, ఎముకలు వంగిపోతున్నాయి. మరి మాత్రలోనే ఫ్లోరిన్ పెట్టి మింగమంటారేంటి సార్?" ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. లెక్క వేసి చూద్దాం. అణువు బరువు 306, అందులో రెండు ఫ్లోరిన్లవి 38. అంటే 150 మిల్లీగ్రాముల మాత్రలో దాదాపు 18.6 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు పెట్టుకున్న మనకు ఈ అంకె గుండె గుభేల్‌మనిపించేదే. కానీ బోరు నీళ్లలో ఉన్నది ఫ్లోరైడ్ అయాన్, దేన్నీ అంటిపెట్టుకోకుండా తిరుగుతూ పోయి ఎముకలోని కాల్షియం దగ్గర తిష్ఠ వేస్తుంది, అదీ రోజూ, ఏళ్ల తరబడి. మాత్రలోని ఫ్లోరిన్ బెంజీన్ కార్బన్‌కు అతుక్కుని ఉంది. కార్బన్ చేసే ఒంటి బంధాల్లో అంత గట్టిది ఇంకోటి లేదు. అణువు వచ్చినట్టే మూత్రంలో పోతుంటే ఫ్లోరిన్ కూడా దానితోనే పోతుంది.

అలాగని ఆ అమ్మాయి భయం ఉత్తదే అనడానికి లేదు. ఇదే కుటుంబంలో వొరికొనజోల్ అనే మందు ఉంది, దానిలో మూడు ఫ్లోరిన్లు. ఊపిరితిత్తుల్లో మొండి ఫంగస్ పట్టినవారికి, అవయవ మార్పిడి జరిగినవారికి రోజుకు 400 మిల్లీగ్రాముల చొప్పున నెలల తరబడి ఇస్తారు. రోజుకు దాదాపు 65 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ అన్నమాట. దీన్ని లివర్ బాగా విరగ్గొడుతుంది, చెక్కుచెదరకుండా మూత్రంలో పోయేది 2 శాతం లోపే. ఆ విరగ్గొట్టడంలో కొంత ఫ్లోరైడ్ బయటపడుతుంది. ఎక్కువకాలం వాడినవాళ్లలో కొందరికి ఎముకల నొప్పులు, ఎముకల పైపొర మీద కొత్త ఎముక పెరగడం, రక్తంలో ఫ్లోరైడ్ పెరగడం కనిపించాయి. మందు ఆపితే నొప్పి తగ్గుతుంది.

ఫంగస్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోదు. ఎంజైములో 132వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, దానికొక OH. ఫ్లుకోనజోల్ నడిమి OH, మధ్యలో ఒక నీటి అణువును పెట్టుకుని, దానితో హైడ్రోజన్ బంధం కట్టుకుంటుంది. మందును తట్టుకునే కాండిడా రకాల్లో కొన్ని ఆ చోట టైరోసిన్ బదులు ఫినైల్ అలనిన్ పెట్టుకున్నాయి. రెండింటికీ తేడా ఆ ఒక్క OH మాత్రమే. అది పోయేసరికి బంధం పోయింది, మందు పట్టు సడలింది. ఇట్రాకొనజోల్ లాంటి పొడవు తోక ఉన్న మందులు ఆ గుంటలో ఇంకా చాలాచోట్ల ఆనుకుంటాయి కాబట్టి ఈ దెబ్బ వాటికి అంతగా తగలదు. కాకపోతే వాటితో మళ్లీ కరగని సమస్య.

ఇక వాడేవాళ్లు చూసుకోవాల్సిన రెండు సంగతులు కూడా ఈ కట్టుబడి నుంచే వచ్చాయి. మందు మూత్రంలో పోయేదే కాబట్టి కిడ్నీ సరిగా లేకపోతే ఒంట్లో పేరుకుంటుంది. కిడ్నీ రక్తాన్ని శుభ్రం చేసే వేగాన్ని చెప్పే లెక్కను క్రియాటినిన్ క్లియరెన్స్ అంటారు, రోజూ వాడేవారికి అది నిమిషానికి 50 మిల్లీలీటర్లకో అంతకంటే కిందికో పడిపోతే మోతాదు సగానికి తగ్గిస్తారు. రెండోది షుగరు మాత్రలు. ట్రయజోల్ దూకుడు తగ్గింది గానీ పోలేదు, లివర్‌లో గ్లిమిపిరైడ్‌ను విరగ్గొట్టే ఎంజైము ఇనుమును ఇప్పటికీ పట్టేసుకుంటుంది. గ్లిమిపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోయి చక్కెర బాగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం మొదలైతే అది ఫంగస్ జబ్బు నీరసం అనుకుని ఊరుకోకుండా వెంటనే చక్కెర చూసుకోవాలి. ఫ్లుకోనజోల్ రాసే డాక్టరుకు షుగరు మాత్ర పేరు, రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ఆ సంగతి, ముందే చెప్పాలి.