120 కమిటీల్లోంచి 144 ఎలా వచ్చాయి?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. అసోసియేషన్‌కి 10 మంది పేర్లిచ్చారు, 6 మంది ఆడవాళ్లు, 4 మగవాళ్లు. చీటీలు తీసి ముగ్గురిని ఎంచుతారు.

మొదటి చీటీ ప్రెసిడెంట్, రెండోది సెక్రటరీ, మూడోది ట్రెజరర్ అయితే 10×9×8, అంటే 720 రకాలు. ప్రెసిడెంటూ ట్రెజరరూ తారుమారైతే ఫలితం మారిపోతుంది కాబట్టి ఇక్కడ క్రమం ముఖ్యం. పదవులేం లేకుండా ఊరికే ముగ్గురు సభ్యులైతే మాత్రం, అదే ముగ్గురి చీటీలు 6 వరసల్లో ఏ వరసలో వచ్చినా కమిటీ ఒకటే, అందుకే 720ని 6తో భాగిస్తే 120 కమిటీలు. ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు అని చదివింది ఇదే.

అసలు చిక్కు క్రమం మనకి తెలీకుండా లెక్కలోకి దూరినప్పుడు వస్తుంది. కమిటీలో కనీసం ఒక మగవాడైనా ఉండే సంభావ్యత ఎంత? చాలామంది ఇలా వేస్తారు: ముందు ఒక మగవాణ్ణి తీసుకుందాం, 4 రకాలు, మిగిలిన 9 మందిలో ఎవరైనా ఇద్దరు, 36 రకాలు, మొత్తం 144. ఉన్నవే 120 కమిటీలు! సంభావ్యత 1 దాటిపోయింది.

"ముందు ఒకణ్ణి" అన్నామే, అక్కడే ఆ ఒక్కడికి ముద్ర వేసేశాం. ఇద్దరు మగవాళ్లున్న కమిటీ రెండుసార్లు లెక్కకొస్తుంది, ముందు ఈయన తర్వాత ఆయన, ముందు ఆయన తర్వాత ఈయన అని. ముగ్గురూ మగవాళ్లైతే మూడుసార్లు. ఒక్క మగవాడున్నవి 60, ఇద్దరున్నవి 36, ముగ్గురున్నవి 4, మొత్తం 100 కమిటీలే. కానీ మన లెక్క 60+72+12 అయి 144కి చేరింది. అందరూ ఆడవాళ్లే ఉన్న 20 కమిటీలని 120లోంచి తీసేసినా అదే 100 వస్తుంది, అంటే సంభావ్యత 5/6.

ఇక్కడ 1 దాటింది కాబట్టి దొరికిపోయింది, పేకముక్కల్లో అలా దొరకదు. 52 ముక్కల్లోంచి రెండు తీస్తే ఒకటి ఆసు, ఒకటి రాజు పడే అవకాశం చూడండి. క్రమం లేకుండా అయితే జతలు 1326, మనకి కావలసినవి 4×4=16. క్రమంతో అయితే కింద 52×51=2652, పైన 32, ఎందుకంటే ఆసు ముందు రావచ్చు, రాజు ముందు రావచ్చు. రెండు దారుల్లోనూ 8/663. పైన 16 పెట్టి కింద 2652 రాస్తే జవాబు సగమైపోతుంది, చూడ్డానికి మాత్రం నమ్మదగ్గ భిన్నంలాగే ఉంటుంది. కాబట్టి సంభావ్యతలో ఏ దారైనా పర్వాలేదు, పైనా కిందా ఒకటే దారి ఉండాలి.

అయితే తీసిన ముక్కని మళ్లీ పేకలో కలిపేసి రెండోది తీస్తే ఆ స్వేచ్ఛ ఉండదు. ఇస్పేటు ఆసు రెండుసార్లూ పడటానికి ఒక్కటే దారి, ఇస్పేటు ఆసూ ఇస్పేటు రాజూ పడటానికి రెండు దారులు. క్రమం వదిలేస్తే ఈ రెంటినీ సమానంగా లెక్కేసినట్టవుతుంది. అక్కడ క్రమంతోనే లెక్కపెట్టాలి, కింద 52×52, అంటే 2704 ఉండాలి.