రూటుకు ఎన్ని బస్సులు కావాలి? లెక్కలో దొర్లే అపోహలు - వాస్తవాలు

బస్సుల లెక్క పైకి ఒక్క భాగహారమే. బస్సు బయలుదేరి, చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ బయలుదేరడానికి సిద్ధమయ్యేదాకా పట్టే సమయాన్ని సైకిల్ టైమ్ అంటాం. ఒక బస్సుకూ దాని వెనక బస్సుకూ మధ్య ఉండే వ్యవధి హెడ్‌వే. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే రూటు మీద ఉండాల్సిన బస్సులు తేలతాయి. షెడ్యూళ్లు వేసే పనిలో ఇన్నేళ్లలో ఈ భాగహారం తప్పు చేసినవాళ్లు నాకు తగల్లేదు. అందులోకి తప్పు అంకెలు వేసినవాళ్లు మాత్రం చాలామందే తగిలారు. వాళ్లలో నేనూ ఉన్నాను.

ఒకే ఉదాహరణ రూటుతో చూద్దాం. పీక్ అవర్‌లో పోవడానికి సగటున 46 నిమిషాలు, రావడానికి 42 నిమిషాలు పడుతోంది. సీట్లూ, నిలబడేవాళ్లూ కలిపి ఒక బస్సుకు 55 మందిని లెక్కలోకి తీసుకుందాం. ఇరుక్కుని ఎక్కితే 70 దాకా పడతారు, కానీ ప్లాన్ ఆ అంకె మీద వేయకూడదు. ఎందుకో కింద తెలుస్తుంది.

అపోహ: ఎంతమంది ఎక్కుతున్నారో లెక్కేసి, బస్సు కెపాసిటీతో భాగిస్తే ట్రిప్పులు తేలిపోతాయి.

వాస్తవం: ఒక ట్రిప్పులో 90 టికెట్లు తెగినా, బస్సులో ఏ క్షణంలోనూ 52 మందికి మించి లేకపోవచ్చు. సగం మంది మధ్యలో దిగిపోతారు, వాళ్ల సీట్లలో కొత్తవాళ్లు కూర్చుంటారు. ఇంకో రూటులో 60 టికెట్లే తెగినా అందరూ ఒకే చోటికి వెళ్లేవాళ్లయితే ఆ బస్సు కిటకిటలాడుతుంది. మనకు కావాల్సింది రూటు మొత్తంలో బస్సులు బాగా నిండి ఉండే ఒక్క చోటు, ఎక్కువ రద్దీ ఉన్న దిశలో, గంటకు దాన్ని దాటి వెళ్లే జనం. టికెట్ మిషన్ డేటాలో ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ రెండూ ఉంటే ఆ చోటు ఏదో పట్టుకోవచ్చు. లేదంటే అనుమానం ఉన్న మూడు నాలుగు స్టాపుల దగ్గర మనుషుల్ని నిలబెట్టి లెక్కించాలి.

మన రూటులో అలా లెక్కిస్తే ఉదయం గంటలో 520 మంది తేలారు. 520ని 55తో భాగిస్తే 9.45. అంటే గంటకు 10 ట్రిప్పులు, హెడ్‌వే 6 నిమిషాలు.

అపోహ: సగటు రన్నింగ్ టైమ్ చాలు. చివర్లో బస్సు ఆగడం దండగ.

వాస్తవం: నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. 46, 42 కలిపితే 88. ఆరుతో భాగిస్తే 14.67, కాబట్టి 15 బస్సులు. కాగితం మీద బాగానే ఉంది. అయితే 15 బస్సులు 6 నిమిషాలకొకటి చొప్పున తిరగాలంటే ప్రతి బస్సూ 90 నిమిషాల్లో రౌండు ముగించాలి. మిగిలే వెసులుబాటు రెండే నిమిషాలు. సగటు అంటేనే దాదాపు సగం ట్రిప్పులు దానికంటే ఎక్కువ సమయం తీసుకుంటాయి. మొదటి రౌండుకు 95 నిమిషాలు పడితే రెండో రౌండు 5 నిమిషాలు లేటుగా మొదలవుతుంది. ఆ లేటు తీరే చోటు ఎక్కడా ఉండదు.

లేటు ఊరికే పోదు, జనాన్ని కూడగడుతుంది. గంటకు 520 అంటే నిమిషానికి దాదాపు 8.7 మంది. 6 నిమిషాల ఎడం ఉంటే బస్సుకు 52 మంది వస్తారు. అదే ఎడం 9 నిమిషాలైతే 78 మంది. వాళ్లంతా పట్టరు. ఎక్కడానికీ దిగడానికీ ప్రతి స్టాపులో ఆలస్యమై బస్సు ఇంకా వెనకబడుతుంది. దాని వెనక బస్సు ఖాళీగా వేగంగా వచ్చి దీన్ని అందుకుంటుంది. అరగంట ఎదురుచూశాక ఒకేసారి రెండు బస్సులు వచ్చాయని ప్రయాణికులు తిట్టుకునేది ఇలాంటప్పుడే. 70ని కెపాసిటీగా పెట్టుకుని ప్లాన్ చేస్తే ఈ ఎగుడుదిగుళ్లకు చోటే ఉండదు.

అందుకే సగటును వదిలేసి, పది ట్రిప్పుల్లో తొమ్మిది ఎన్ని నిమిషాల్లోపు చేరుతున్నాయో చూడండి. మన రూటులో పోవడానికి అది 53, రావడానికి 47. మొత్తం 100. ఆరుతో భాగిస్తే 16.67, అంటే 17 బస్సులు. సగటు మీద కలిపిన ఆ 12 నిమిషాలు చివరి స్టాపుల్లో లేటును సర్దుకోవడానికి. డ్రైవర్ భోజనానికో విశ్రాంతికో ఇచ్చే సమయం వేరు, దాన్ని ఇందులో కలిపి మురిసిపోకూడదు.

మీ సైకిల్ టైమ్ చాలడం లేదో, లేక సమస్య వేరో తెలుసుకోవడానికి చివరి స్టాపు నుంచి బస్సులు బయలుదేరిన టైములు తీసి చూడండి. మొదటి ట్రిప్పు టైముకే ఉండి, ట్రిప్పు ట్రిప్పుకీ లేటు పెరుగుతూ పోతే సైకిల్ టైమ్ తక్కువ పడిందన్నమాట. మొదటి ట్రిప్పు నుంచే లేటుంటే తప్పు డిపోలో వెతకాలి.

అపోహ: 16.67 వస్తే 16తో సరిపెట్టుకోవచ్చు.

వాస్తవం: సరిపెడితే హెడ్‌వే 6.25 నిమిషాలవుతుంది, లేదా 6 నిమిషాల హెడ్‌వే నిలపడానికి సైకిల్‌ను 96కి కుదించి, తగ్గిన నాలుగు నిమిషాలూ సర్దుబాటు సమయంలోంచి కోస్తారు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది, దాని ఫలితం పైన చూశాం. 17 పెడితే సైకిల్ టైమ్ 102 అవుతుంది, రెండు నిమిషాలు అదనంగా దొరుకుతాయి. ఒక్కోసారి మాత్రం లెక్క 10.2 లాగా తేలుతుంది. అప్పుడు ఆ 0.2 కోసం పూర్తి బస్సు పెట్టడానికి మనసొప్పదు. అదే టెర్మినల్ నుంచి నడిచే ఇంకో రూటుకు 6.7 వచ్చిందనుకోండి. రెండు రూట్లూ కలిపి బస్సుల్ని మార్చి మార్చి నడిపితే 16.9 అవుతుంది, 17 చాలు. విడివిడిగా అయితే 11, 7 కలిపి 18 కావాలి.

అపోహ: రద్దీ బాగా పెరిగే పావుగంటను బట్టి మొత్తం బస్సులు లెక్కించాలి.

వాస్తవం: ఇది జాగ్రత్తపరులు చేసే తప్పు. ఆ 520 మందిని పావుగంటలుగా విడదీస్తే 105, 130, 160, 125 వచ్చాయి. మూడో పావుగంటలో 6 నిమిషాల హెడ్‌వే మీద బస్సుకు 64 మంది పడతారు, మన 55 దాటిపోతుంది. 160ని నాలుగుతో గుణించి, గంటకు 640 అని, 12 ట్రిప్పులని, 5 నిమిషాల హెడ్‌వే అని, 100ని 5తో భాగించి 20 బస్సులని అంటారు. మూడు బస్సులు ఎక్కువ.

ఇక్కడ మర్చిపోతున్నది ఒకటే. సైకిల్ టైమ్‌ను హెడ్‌వేతో భాగించడం ఎప్పుడు సరిపోతుందంటే, ఆ హెడ్‌వే కనీసం ఒక పూర్తి సైకిల్ పాటు కొనసాగినప్పుడు. మనకు 5 నిమిషాల ఎడం కావాల్సింది అరగంటే. అసలు ప్రశ్న ఇది: మొదటి బస్సు తిరిగొచ్చి మళ్లీ బయలుదేరేలోపు ఎన్ని బస్సులు బయలుదేరాలి? సైకిల్ 102 నిమిషాలు. అందులో 72 నిమిషాలు ఆరేసి నిమిషాలకు 12 బస్సులు, 30 నిమిషాలు ఐదేసి నిమిషాలకు 6 బస్సులు. మొత్తం 18. ఒక్క బస్సు పెంచితే చాలు. 5 నిమిషాల ఎడంలో మూడో పావుగంటలోనూ బస్సుకు 53 మందే వస్తారు.

ఇందులో జాగ్రత్త ఒకటుంది. ఆ అరగంటను టెర్మినల్ టైముతో కాకుండా, రద్దీ చోటును బస్సు దాటే టైముతో చూడాలి. టెర్మినల్ నుంచి అక్కడికి 25 నిమిషాలైతే దగ్గర దగ్గరగా వదిలే ఆరు బస్సులూ 25 నిమిషాలు ముందే బయలుదేరాలి. ఇది మరచి నేనొకసారి అదనపు బస్సును రద్దీ తగ్గాక అక్కడికి చేర్చాను. కండక్టర్ ఆ సంగతి నాకు చాలా మర్యాదగా చెప్పాడు.

అపోహ: 18 అని తేలితే 18 బస్సులు ఉంటే చాలు.

వాస్తవం: 18 అనేది రోడ్డు మీద తిరగాల్సినవి. మెయింటెనెన్స్‌లో ఉన్నవీ, దారిలో ఆగిపోయేవాటి బదులు పంపేవీ వీటికి అదనం. ఈ స్పేర్ బస్సుల్ని రూటు రూటుకీ లెక్కించకండి. పదో వంతు స్పేర్ అనుకుంటే 18కి 1.8, అంటే 2. ఒక్కోదానికి 4 బస్సులుండే పది చిన్న రూట్లకు విడివిడిగా పైకి సవరిస్తే 10 స్పేర్లవుతాయి. డిపో మొత్తం 40కి కలిపి లెక్కిస్తే 4 చాలు.