పసుపు డాలర్ గుర్తు: రివ్యూ అడిగే ముందు తెలుసుకోవలసినవి

అపోహ: యూట్యూబ్ స్టూడియోలో వీడియో పక్కన పసుపు డాలర్ గుర్తు పడితే ఛానెల్‌కు మచ్చ పడినట్లే, ఇక వ్యూస్ కూడా తగ్గిపోతాయి.

వాస్తవం: ఇది స్ట్రైక్ కాదు. ఆ ఒక్క వీడియో చాలామంది ప్రకటనదారులకు అనువుగా లేదని నిర్ణయించారని మాత్రమే దాని అర్థం. ప్రకటనలు తగ్గినా, పూర్తిగా ఆగిపోయినా ప్రీమియం చందాదారులు చూసినందుకు వచ్చే వాటా అందుతూనే ఉంటుంది. సిఫారసులకు ఈ గుర్తుతో సంబంధం లేదని యూట్యూబ్ స్పష్టంగా చెబుతోంది.

అపోహ: మన ఉద్దేశం మంచిదైతే ప్రకటనలు ఆగవు.

వాస్తవం: సందర్భాన్ని పరిగణిస్తారు, కానీ దానితోపాటు టైటిల్‌ను, థంబ్‌నెయిల్‌ను, వివరణను, ట్యాగులను కూడా చూస్తారు. హెల్మెట్ అవసరాన్ని వివరించే వీడియో ఒకటి ఉందనుకుందాం. అందులో సీసీటీవీ ప్రమాద దృశ్యం కొన్ని సెకన్లే ఉంటుంది, మిగిలినదంతా పట్టీ ఎలా బిగించాలో చెప్పే పాఠమే. అయితే థంబ్‌నెయిల్‌లో రక్తపు మడుగు, టైటిల్‌లో "తల పగిలి అక్కడికక్కడే..." అన్న మాటలు ఉన్నాయి. పాఠం ఎంత మేలైనదైనా, ప్రకటనదారు తన పేరును ఆ బొమ్మ పక్కన చూడాలనుకోడు. రోడ్డు భద్రత గురించి శ్రద్ధగా చెప్పేవారే ఇలా నష్టపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అపోహ: గుర్తు కనిపించగానే రివ్యూ అడగాలి, లేదా వీడియో తీసేసి మళ్ళీ ఎక్కించాలి.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మొదటి నిర్ణయం సాధారణంగా యంత్రానిది. మీరు అడిగే రివ్యూ మాత్రం మనిషి చేస్తాడు, ఆ తీర్పు వచ్చాక అది మారదు. అందువల్ల దిద్దుబాటు ముందు, అభ్యర్థన తరువాత. పై వీడియోకైతే థంబ్‌నెయిల్‌లో రక్తానికి బదులు హెల్మెట్ పట్టీ బొమ్మ పెట్టి, టైటిల్‌ను "హెల్మెట్ పట్టీ బిగించకపోతే ఏమవుతుంది?" అని మార్చి, స్టూడియో ఎడిటర్‌లో దెబ్బ తగిలే క్షణాన్ని కత్తిరించాలి లేదా బ్లర్ చేయాలి. ఎడిట్ చేసిన రూపం ప్రాసెస్ అయ్యేదాకా ఆగి, వీడియోను మొదటి నుంచి చివరి వరకు చూసుకోవాలి. ఆ తరువాతే కంటెంట్ జాబితాలో పసుపు గుర్తు మీద మౌస్ ఉంచి, కనిపించే Request review నొక్కాలి. తీసేసి అదే ఫైలును మళ్ళీ ఎక్కిస్తే, అదే కారణంతో అదే గుర్తు పడే అవకాశం ఎక్కువ, పైగా వచ్చిన వ్యూస్ పోతాయి.

ప్రమాద దృశ్యమే వీడియో అంతా అయితే, కత్తిరించాక చెప్పడానికి ఏమీ మిగలదు; అక్కడ పరిమిత ప్రకటనలతో సరిపెట్టుకోవడమే సరి. మిగతా వీడియోలను ముందుగా అన్‌లిస్టెడ్‌గా ఎక్కించి, ప్రకటనల తనిఖీ ముగిశాక పబ్లిక్ చేస్తే, వ్యూస్ ఎక్కువగా వచ్చే తొలి గంటలు పసుపు గుర్తుతో గడిచిపోకుండా ఉంటాయి.