ఆగస్టు పసుపు ధరను మే నెలలోనే ఎలా కడతారు?

మే నెలలో నిజామాబాద్ మార్కెట్‌లో పసుపు కొమ్ముల ధర క్వింటాల్ 12,000 రూపాయలుంది అనుకుందాం. అదే రోజు, పంటలకు ముందస్తు బేరాలు జరిగే ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజ్‌లో ఆగస్టు డెలివరీకి 12,600 పలుకుతోంది. చాలామంది రైతులు దీన్ని జోస్యంగా చదువుతారు. ఆగస్టుకల్లా ధర ఆరు వందలు పెరుగుతుందని మార్కెట్ చెబుతోంది కాబట్టి సరుకు ఆపుదాం అనుకుంటారు. ఈ పొరపాటు నన్ను నిజంగా బాధపెడుతుంది. ఎందుకంటే ఆ ఆరు వందలు రాబోయే లాభం కాదు, సరుకును మూడు నెలలు మోయడానికి అయ్యే ఖర్చు.

లెక్క చూద్దాం. ఇందులోని అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే, కానీ లెక్క తీరు అసలైనదే. 12,000 రూపాయలు అప్పు తెచ్చి క్వింటాల్ పసుపు కొంటే ఏడాదికి 12 శాతం చొప్పున మూడు నెలల వడ్డీ 360 అవుతుంది. గోదాము అద్దె, బీమా కలిపి నెలకు 40 చొప్పున 120. హమాలీ, తూకం, నాణ్యత పరీక్ష, నిల్వలో తగ్గే బరువు అన్నీ కలిపి మరో 120. మొత్తం 600. ఈ రోజు ధరకు ఈ మోత ఖర్చు కలిపితే 12,600 వస్తుంది. ఆగస్టులో పసుపు ఎంతకు అమ్ముడవుతుందో ఎవరూ ఊహించనవసరం లేకుండానే ఆగస్టు ధర తేలిపోయింది.

అయితే ఆగస్టు ధర 13,300కు ఎగబాకితే ఏమవుతుంది? అప్పుడు వ్యాపారి ఒకే రోజు రెండు పనులు చేస్తాడు. అప్పు తెచ్చి నిజామాబాద్‌లో సరుకు కొని, ఎక్స్ఛేంజ్ గుర్తించిన గోదాములో పెడతాడు. అదే సమయంలో ఆగస్టు కాంట్రాక్టును 13,300కు అమ్మేస్తాడు, అంటే ఆగస్టులో ఆ ధరకే సరుకు ఇస్తానని ఇప్పుడే ఒప్పుకుంటాడు. అక్కడ ఒక లాట్ అంటే ఐదు టన్నులు, అంటే 50 క్వింటాళ్లు. ఆగస్టులో గోదాము నుంచే సరుకు అప్పగిస్తాడు. చేతికి వచ్చేది 13,300, అతనికి పడింది 12,600. క్వింటాల్‌కు 700, లాట్‌కు 35,000 రూపాయలు మిగులుతాయి. దీన్నే ఆర్బిట్రేజ్ అంటారు.

ఇందులో ముచ్చటైన సంగతి ఒకటుంది. ఆగస్టులో ధర ఎటు పోయినా ఈ వ్యాపారికి తేడా ఉండదు. పసుపు 10,000కు పడిపోతే కాంట్రాక్టు మీద 3,300 లాభం వస్తుంది, సరుకుకు 10,000 వస్తుంది. 16,000కు పెరిగితే కాంట్రాక్టు మీద 2,700 పోతుంది, సరుకుకు 16,000 వస్తుంది. ఎలా కలిపినా 13,300. ఇలాంటి వ్యాపారులు నలుగురు దిగితే ఇక్కడ కొనుగోళ్లతో 12,000 పైకి కదులుతుంది, అక్కడ అమ్మకాలతో 13,300 కిందికి దిగుతుంది. మధ్య దూరం మళ్లీ మోత ఖర్చు దగ్గరకు చేరేదాకా ఈ తాకిడి ఆగదు.

ఇలాంటి అవకాశం ఉందో లేదో తెలుసుకోవడానికి అనుభవజ్ఞులు లెక్కను తిరగేసి వేస్తారు. రెండు ధరల తేడా 1,300. అందులోంచి వడ్డీ కాని ఖర్చులు 240 తీసేస్తే 1,060 మిగులుతుంది. 12,000 మీద మూడు నెలలకు 1,060 అంటే ఏడాదికి సుమారు 35 శాతం వడ్డీ. 12 శాతానికి అప్పు దొరుకుతున్నప్పుడు 35 శాతం కనిపిస్తే సంతోషించే ముందు అనుమానించాలి. చాలాసార్లు ఆ తేడా సరుకు నాణ్యతలోనే ఉంటుంది. మార్కెట్ యార్డులో విన్న 12,000 ధర తేమ ఎక్కువున్న సరుకుది కావచ్చు. కాంట్రాక్టు కోరేది నిర్ణీత ప్రమాణాల సరుకు. ఆ ప్రమాణాలకు తగిన పసుపు కొనాలంటే 12,700 పెట్టాల్సి వస్తే మనం చూసిన 700 లాభం అసలు లేనట్టే.

రెండో చిక్కు నగదుది. ఇద్దరు వ్యక్తులు రాసుకున్న ఒప్పందంలో లెక్క చివరిరోజే తేలుతుంది. ఎక్స్ఛేంజ్‌లో మాత్రం లాభనష్టాలు ఏ రోజుకారోజు సర్దుతారు. జులైలో కాంట్రాక్టు ధర 16,000కు చేరిందనుకోండి. 13,300కు అమ్మినవాడు క్వింటాల్‌కు 2,700 చొప్పున ఒక్క లాట్‌కే 1,35,000 రూపాయలు అప్పటికే కట్టి ఉండాలి. గోదాములోని అతని పసుపు విలువ కూడా అంతే పెరిగింది, కానీ ఎక్స్ఛేంజ్ రోజూ అడిగే ఈ పూచీ డబ్బును, అంటే మార్జిన్‌ను, బస్తాలతో కట్టలేడు కదా. ఆ డబ్బు సర్దలేకపోతే బ్రోకర్ కాంట్రాక్టును మూసేస్తాడు. అప్పటినుంచి అతని చేతిలో రక్షణ లేని సరుకు మిగులుతుంది. లెక్క సరైనదే అయినా మనిషి మునిగే చోటు ఇదే.

ఇప్పుడు తేడా రెండో వైపు ఉందనుకుందాం. ఆగస్టు ధర 12,600 ఉండాల్సిన చోట 12,000 మాత్రమే పలుకుతోంది. పుస్తకం ప్రకారం చేయాల్సింది సులభమే. పసుపు అరువు తెచ్చి ఈ రోజు అమ్మి, ఆ డబ్బు మీద వడ్డీ సంపాదించి, ఆగస్టులో 12,000కే తీసుకుని అరువు తీర్చాలి. బంగారంలో ఇది కుదురుతుంది, ఎందుకంటే బంగారాన్ని అప్పుగా ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. పసుపు ఎవరు అరువిస్తారు?

నిల్వ ఉన్నవాడు మాత్రం ఆ పని చేయగలడు. ఇప్పుడు అమ్మేసి ఆగస్టు కాంట్రాక్టు కొనుక్కుంటే మూడు నెలల అద్దె, వడ్డీ మిగులుతాయి. అయినా పసుపు మిల్లు యజమాని అందుకు ఒప్పుకోడు. బస్తాలు ఖాళీ అయితే మర ఆగుతుంది, ఇచ్చిన ఆర్డర్లు తప్పుతాయి. చేతిలో సరుకు ఉండడమే అతనికి ఒక రాబడి. ఆర్థికశాస్త్రం దీన్ని సౌలభ్య ప్రతిఫలం అంటుంది. సరుకు కొరత పెరిగేకొద్దీ దీని విలువ పెరుగుతుంది. అందుకే జనవరి తర్వాత కొత్త పంట దిగే ముందు, పాత నిల్వలు అడుగంటిన డిసెంబరులో, ఏప్రిల్ ధర డిసెంబరు ధర కన్నా తక్కువ ఉన్నా ఎవరూ దాన్ని సరిచేయలేరు. అంటే పసుపులాంటి వాడుక సరుకులో మోత ఖర్చు ముందస్తు ధరకు పైకప్పు వేస్తుందే గాని నేల వేయదు.

ఆ పైకప్పునైనా నిలబెట్టేది గోదాములోని ఖాళీ జాగాయే. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు విషయంలో జరిగింది చూడండి. మరునాడు గడువు తీరే మే కాంట్రాక్టు బ్యారెల్‌కు మైనస్ 37.63 డాలర్ల వద్ద ముగిసింది. జూన్ కాంట్రాక్టు అదే రోజు 20.43 డాలర్ల వద్ద ఉంది. మే చమురు తీసుకుని ఒక నెల దాచి జూన్‌లో అప్పగిస్తే బ్యారెల్‌కు 58 డాలర్లకు పైగా వచ్చేది. తీసుకునేటప్పుడు కూడా ఎదురు డబ్బిచ్చేవారు. మామూలు రోజుల్లో అందులో పదో వంతు కనిపించినా వ్యాపారులు ఎగబడేవారు. కానీ కోవిడ్‌తో వాడకం కుప్పకూలి, డెలివరీ కేంద్రమైన ఓక్లహోమాలోని కుషింగ్‌లో ట్యాంకుల జాగా అంతా అప్పటికే ముందుగా మాట్లాడుకున్నవారి చేతుల్లో ఉంది. అద్దె ఎంతైనా ఇస్తామన్నా పోసుకునే చోటు లేదు. మన దేశంలో చమురు కాంట్రాక్టులు నడిపే ఎంసీఎక్స్ ఎక్స్ఛేంజ్ కూడా ఆ ధర ఆధారంగానే తన ఏప్రిల్ కాంట్రాక్టును బ్యారెల్ మైనస్ 2,884 రూపాయలకు తేల్చింది. కొన్నవారు చమురు చుక్కను చూడకుండానే, అప్పటికే కోల్పోయిన ధర మీద ఆ డబ్బు కూడా కట్టాల్సి వచ్చింది.