ఉప్పు నీళ్ళు రంగును ఆపుతాయా?

కొత్త ఎర్ర కాటన్ చొక్కాను మొదటిసారి ఉప్పు నీళ్ళలో నానబెడితే ఇక రంగు దిగదంటారు, నిజమేనా అని ఒక పాఠకురాలు అడిగారు. నిజం కాదు. కానీ నిజమేనని మన కళ్ళే మనల్ని నమ్మిస్తాయి. ఆ సంగతి నాకు భలే సరదాగా ఉంటుంది.

ముదురు రంగు కాటన్ బట్టలకు ఇప్పుడు ఎక్కువగా వాడేవి రియాక్టివ్ రంగులు. 1956లో మార్కెట్లోకి వచ్చాయి. ఈ రంగు అణువుకు ఒక చెయ్యి ఉందనుకోండి. సోడా కలిపిన రంగు తొట్టిలో ఆ చెయ్యి నూలు పోగును పట్టుకుంటే అది రసాయన బంధం, మామూలు ఉతుకుకు ఊడదు. చిక్కేమిటంటే, తొట్టిలో నీళ్ళు కూడా ఉన్నాయి. కొన్ని అణువులు పోగుకు బదులు నీటి చెయ్యి పట్టుకుంటాయి. పావు వంతు దాకా అలా పోవడం మామూలే. ఒకసారి నీటితో కలిసిన చెయ్యి మళ్ళీ పోగును పట్టుకోలేదు. ఆ అణువు బట్టమీద ఊరికే ఆనుకుని ఉంటుంది. ఫ్యాక్టరీలో వేడి నీళ్ళతో పదేపదే కడిగి దాన్ని వదిలించాలి. ఆ కడుగుడు సరిగ్గా జరగకపోతే మిగిలింది మన బకెట్లో దిగుతుంది.

మరి ఉప్పు సంగతి? నీళ్ళలో కాటన్‌కు కాస్త రుణావేశం ఉంటుంది, రంగు అణువుకూ అంతే. అందుకని రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఉప్పు ఆ వికర్షణను తగ్గించి రంగును బట్ట దగ్గరికి తోస్తుంది. అద్దకంలో ఉప్పు వేసేది అందుకే. బకెట్లో వేసిన గుప్పెడు ఉప్పు చేసేదీ అదే పని, కాకపోతే తక్కువ మోతాదులో. వదులుగా ఉన్న రంగు చొక్కాను విడవదు, నీళ్ళు తేటగా కనిపిస్తాయి, మనం సంతోషిస్తాం. తర్వాత మామూలు నీళ్ళలో వేయగానే మళ్ళీ ఎరుపు. ఇంకా ఘోరం, ఆ ఉప్పు నీళ్ళలో తెల్ల కాటన్ బనియన్ కూడా ఉంటే తేలే రంగు దానిమీదికీ వెళుతుంది.

ఇక్కడే బట్ట రకం చూడాలి. అదే బకెట్లో తెల్లవి మూడు వేశారనుకోండి: పాలియెస్టర్ చొక్కా, కాటన్ బనియన్, నైలాన్ సాక్సు. పాలియెస్టర్ దాదాపు తెల్లగానే బయటపడుతుంది, దానికి నీళ్ళలో కరిగే ఈ రంగులు పట్టవు. బనియన్ గులాబీ రంగుకు తిరుగుతుంది. నైలాన్‌లో ధనావేశపు చోట్లు ఉంటాయి కాబట్టి సాక్సు రంగును బాగా పీల్చుకోవచ్చు, వదిలించడమూ కష్టం. తెల్ల, ముదురు అని విడదీసి ఊరుకుంటే లేత రంగు నైలాన్ బట్టలు ముదురు కాటన్‌తో కలిసిపోతాయి. నేను అన్నిటికంటే ముందు పక్కకు తీసేది వాటినే.

అనుమానముంటే చొక్కా లోపలి కుట్టు మీద తడి తెల్ల గుడ్డ పెట్టి వేడి ఇస్త్రీపెట్టెతో నొక్కండి. గుడ్డకు రంగు అంటితే చొక్కాను విడిగా, ఎక్కువ నీళ్ళలో, ఉప్పు లేకుండా, నీళ్ళు తేటపడేదాకా ఉతకాలి. ఉతికాక తడి కుప్పగా వదిలేయకండి. కొద్ది నీళ్ళలో చిక్కటి రంగు గంటల తరబడి పక్క బట్టను ఆనుకుని ఉంటే, బకెట్లో అంటని మరక కూడా అక్కడ అంటుకుంటుంది.