గుండె పటంలో పేర్లు తారుమారు: దిద్దేవాళ్ల అపోహలు, రాసేవాళ్ల అపోహలు

పదో తరగతి, ఇంటర్ జవాబు పత్రాల్లో గుండె పటం దిద్దేటప్పుడు ఒకే మాట పదేపదే వినాలి: "ధమని అంటే మంచి రక్తం, సిర అంటే చెడు రక్తం." మార్కులు ఎక్కువగా పోయేది ఈ ఒక్క వాక్యం వల్లే. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

అపోహ: ధమనిలో ఆమ్లజని ఉన్న రక్తం, సిరలో ఆమ్లజని లేని రక్తం ఉంటుంది.

పేరు పెట్టింది రక్తం రంగును చూసి కాదు, దిక్కును చూసి. గుండె నుంచి బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. శరీరంలో చాలాచోట్ల ధమనుల్లో ఆమ్లజని ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈ అపోహ ఎక్కడా దొరక్కుండా నెట్టుకొస్తుంది. ఊపిరితిత్తుల దగ్గరికి రాగానే బోల్తా పడుతుంది. కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనిలో ఆమ్లజని తక్కువ, అక్కడి నుంచి ఎడమ కర్ణికకు వచ్చే పుపుస సిరల్లో ఎక్కువ. గర్భస్థ శిశువు బొడ్డుతాడులోనూ ఇంతే. ఆమ్లజని అందిన రక్తాన్ని మాయ నుంచి శిశువుకు తెచ్చేది సిర.

"చెడు రక్తం" అనే మాట కూడా మానాలి. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతుడి పుపుస ధమనిలో హీమోగ్లోబిన్ దాదాపు 75 శాతం ఆమ్లజనితో నిండే ఉంటుంది. అది నీలంగానూ ఉండదు, ముదురు ఎరుపులో ఉంటుంది. పటంలో నీలం రంగు ఆమ్లజని తక్కువని చెప్పే గుర్తు, అంతే. అందుకే రంగుల పటంలో పుపుస ధమని నీలంగా, పుపుస సిరలు ఎర్రగా కనబడతాయి. ఏటా దాన్ని చూసి "అచ్చుతప్పు, పుస్తకంలో రంగులు మారిపోయాయి" అని ఎవరో ఒకరు వాట్సాప్‌లో పెడతారు, నలుగురు నమ్ముతారు. రంగులు సరిగ్గానే ఉన్నాయి.

తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు ఇంట్లోనే మొదలవుతుంది. చేతి మీద ఉబ్బి కనబడే సిరను మనం "నరం" అంటాం, సూది వేసినా "నరానికి ఎక్కించారు" అంటాం. వైద్యుడు "నాడి" చూశాడంటే మణికట్టు దగ్గర ధమని కొట్టుకోవడాన్ని చూశాడని అర్థం. అదే పుస్తకంలో నాడి అంటే సమాచారం మోసేది. దాంతో "పుపుస నరం" అనో "నాడుల ద్వారా రక్తం వెళ్తుంది" అనో రాసిన జవాబులు వస్తుంటాయి. వీళ్లలో చాలామందికి విషయం తెలుసు, పుస్తకంలో వాడే మాటే రాదు. దిద్దేటప్పుడు ఈ రెంటినీ వేరు చేసి చూడాలి.

అపోహ: పేర్లను కీతో పోల్చి చూస్తే దిద్దడం అయిపోయినట్టే.

దిద్దేవాళ్లలో పాతుకుపోయిన అపోహ ఇది. కీ ఏది తప్పో చెబుతుంది, ఎందుకు తప్పో చెప్పదు. చూడాల్సినవి మూడు: గీత మొన దేన్ని తాకింది, పక్కన ఏ పేరు ఉంది, కింద ఏ పని రాశారు. ఈ మూడింట్లో ఏ రెండు ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో చూస్తే తప్పు ఎక్కడ పుట్టిందో తెలిసిపోతుంది. పేరూ పనీ కలిసి మొన వేరేచోట ఉంటే అది స్థానం తప్పు. మొనా పనీ కలిసి పేరు వేరైతే మాట తప్పు. మొనా పేరూ కలిసి పని తప్పితే, బొమ్మను మాత్రమే బట్టీ పట్టారన్నమాట.

ఒక జవాబు పత్రం ఎలా ఉండొచ్చో చూడండి. అచ్చు పటం, ఎనిమిది గీతలు. చూసేవారికి ఎడమ వైపున్న పై గదికి "ఎడమ కర్ణిక", దాని కింది గదికి "ఎడమ జఠరిక", కుడి వైపున్న రెంటికీ "కుడి కర్ణిక", "కుడి జఠరిక" అని ఉంది. వంపు తిరిగిన పెద్ద నాళానికి "బృహద్ధమని", ఎడమ పై గదిలోకి పైనుంచి దిగే నాళానికి "ఊర్ధ్వ బృహత్సిర" అని ఉంది. వంపు కింద రెండుగా చీలిన నాళానికి "పుపుస సిర", కుడి పై గదిలోకి వచ్చే సన్నటి నాళాలకు "పుపుస ధమని" అని రాశారు.

కీతో పోలిస్తే ఎనిమిదింట్లో రెండే ఒప్పు. ఇప్పుడు పనులు చదవండి. "ఎడమ జఠరిక: శరీర భాగాలన్నింటికీ రక్తాన్ని పంపుతుంది." పేరుకూ పనికీ పొత్తు కుదిరింది, మొన మాత్రం పలుచటి గోడ ఉన్న గదిలో ఉంది. "పుపుస సిర: ఆమ్లజని తక్కువగా ఉన్న రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకెళ్తుంది." ఇక్కడ మొనకూ పనికీ కుదిరింది, పేరే తప్పు. అంటే ఆరు తప్పులుగా కనిపించినవి నిజానికి రెండు. పటాన్ని అద్దంలా చూడటం వల్ల నాలుగు పోయాయి, రంగును బట్టి ధమని, సిర అనుకోవడం వల్ల రెండు. మూల్యాంకన సూచన ప్రకారం మార్కులు ఎలా వేయాలో అలాగే వేయండి. కానీ పక్కన "పటం సరిగ్గా చదువు" అని కాకుండా ఈ రెండు కారణాలూ రాయండి. ఆరు తప్పులు చూసి బెంబేలెత్తే పిల్లకు సరిదిద్దుకోవాల్సినవి రెండే అని తెలిస్తే సగం భయం పోతుంది.

అపోహ: పటంలో ఎడమ వైపున్నది గుండెకు ఎడమ.

పటంలో గుండె మనకు ఎదురుగా నిలబడిన మనిషిది. అతని కుడి మనకు ఎడమ. ఇది చాలామందికి తెలుసు, అయినా తప్పుతారు. కారణం నాళాల దగ్గర ఉంది. గదుల పేర్లు సరిగ్గా పెట్టినవాళ్లు కూడా, ఎడమ జఠరిక నుంచి వచ్చే బృహద్ధమని గుండెకు ఎడమ వైపు నుంచే పైకి లేస్తుందని అనుకుంటారు. అలా లేవదు. ఎడమ జఠరిక నుంచి బయల్దేరి ముందు కుడి వైపుకి ఒరిగి పైకి వెళ్తుంది, ఆ తర్వాతే ఎడమ వైపుకి వంపు తిరుగుతుంది. కుడి జఠరిక నుంచి వచ్చే పుపుస ధమని దాని ముందు నుంచి అడ్డంగా ఎడమకి పోతుంది. రెండూ ఒకదాన్నొకటి పెనవేసుకున్నట్టు దాటుతాయి. కాబట్టి పటంలో చూసేవారికి కుడి వైపున నిలిచిన నాళాన్ని "ఎడమ కదా" అని బృహద్ధమని అనేస్తే తప్పిపోతుంది.

ఎక్కడుందని కాకుండా ఎలా చీలుతుందని చూస్తే తడబాటు ఉండదు. బృహద్ధమని వంపు మీంచి తలకూ చేతులకూ వెళ్లే మూడు కొమ్మలు పైకి లేస్తాయి. పుపుస ధమని ఆ వంపు కిందే కుడి, ఎడమ ఊపిరితిత్తులకు రెండుగా విడిపోతుంది. మూడు పైకి, రెండు పక్కకి. కొమ్మలే గీయని పటంలో ఆ నాళాన్ని కిందికి తడుముకుంటూ అది బయల్దేరే గదికి రండి. గోడ మందంగా ఉంటే ఎడమ జఠరిక. పెద్దవారిలో ఆ గోడ సుమారు 1 సెంటీమీటరు, కుడి జఠరికది 3 నుంచి 4 మిల్లీమీటర్లు. పిల్లలు చేత్తో గీసిన పటంలో రెండు గోడలూ ఒకే మందంలో ఉంటే ఈ గుర్తు పోయినట్టే. పేర్లన్నీ సరిగ్గా ఉన్నా, అప్పుడు తప్పు గీతలో ఉందని రాయాలి.

దిద్దేవాళ్లకూ ఇక్కడ ఓ గొయ్యి ఉంది. ముందు వైపు పటంలో గుండె మొన చూసేవారికి కుడి వైపుకి, కిందికి తిరిగి ఉంటుంది. ప్రశ్నపత్రంలో అది ఎడమ వైపుకి తిరిగి కనిపిస్తే, వెనక వైపు నుంచి గీసిన పటమైనా అయుండాలి, అతికించేటప్పుడు బొమ్మ తిరగబడైనా ఉండాలి. ఏదైనా సరే, పాత కీ పట్టుకుని దిద్దితే బాగా రాసినవాళ్లే నష్టపోతారు. పత్రాల కట్ట విప్పే ముందు గుండె మొన ఎటుందో ఒక్కసారి చూసుకోండి.

అపోహ: గోడ మందంగా ఉంది కాబట్టి ఎడమ జఠరిక ఎక్కువ రక్తం పంపుతుంది.

పేర్లన్నీ సరిగ్గా పెట్టి పనుల దగ్గర జారేది ఇక్కడే. విశ్రాంతిలో ఒక్కో స్పందనకు రెండు జఠరికలూ సుమారు 70 మిల్లీలీటర్ల చొప్పునే పంపుతాయి. ఎడమది ఎక్కువ పంపితే కొద్దిసేపట్లోనే ఊపిరితిత్తుల్లో రక్తం ఖాళీ అవుతుంది, తక్కువ పంపితే అక్కడ పేరుకుపోతుంది. తేడా పీడనంలో ఉంది. ఎడమ జఠరిక దాదాపు 120 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నెడుతుంది, కుడిది దాదాపు 25తో. ఊపిరితిత్తులు పక్కనే ఉన్నాయి, అక్కడి నాళాల నిరోధం కూడా తక్కువ. జవాబులో "ఎక్కువ పీడనంతో" అని ఉంటే ఒప్పు, "ఎక్కువ రక్తాన్ని" అని ఉంటే తప్పు. చదువుకుంటూ పోతే ఒకలాగే అనిపిస్తాయి, అందుకే ఆగి చూడాలి.

కవాటాల దగ్గర సన్నటి తాళ్లలా ఉండే కార్డే టెండినేకు "కవాటాన్ని లాగి తెరుస్తాయి" అని రాయడం కూడా ఈ కోవలోదే. కవాటం తెరుచుకోవడం, మూసుకోవడం రెండూ రెండు వైపుల పీడనంలో ఉన్న తేడా వల్లే జరుగుతాయి. జఠరిక సంకోచించినప్పుడు కవాటపు రేకులు కర్ణికలోకి తిరగబడకుండా పట్టి ఉంచడమే ఈ తాళ్ల పని. కుడి వైపు కవాటానికి మూడు రేకులు, ఎడమ వైపుదానికి రెండు.

మిగతా పటాల గురించి రెండు మాటలు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వచ్చేది మూత్రనాళం, అవి రెండు. మూత్రాశయం నుంచి బయటికి పోయేది ప్రసేకం, అది ఒకటే. లెక్క చూస్తే చాలు. వృక్కనాళికలో మాత్రం పైన చెప్పిన ధమని, సిర గోలే మళ్లీ వస్తుంది. రక్తకేశనాళికా గుచ్ఛం నుంచి బయటికి వచ్చే నాళాన్ని "బయటికి వస్తోంది కదా" అని సిర అని రాస్తారు. అది అపవాహి ధమనిక. మరో కేశనాళికల వలగా విడిపోయాకే ఆ రక్తం సిరల్లోకి చేరుతుంది. పటంలో అపవాహి ధమనిక సన్నగా, లోపలికి వచ్చే అభివాహి ధమనిక వెడల్పుగా ఉంటాయి. గుచ్ఛంలో వడపోతకు కావాల్సిన పీడనం నిలవడానికి ఈ తేడా తోడ్పడుతుంది. పని రాయమన్న ప్రశ్నలో ఈ కారణం కూడా రాశారేమో చూడండి.